శనివారం రిపోర్టులో మొదటి ఐదు వరుసలు

(విజయనగరంలో సైట్ ఇంజినీర్లు, సూపర్‌వైజర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది పని సైట్‌లో ఉంటుంది, మీ మేనేజరు ఇంకో ఊళ్లో ఉంటారు. మీరు రాజాం దగ్గరో, పలాస దగ్గరో, బొబ్బిలి దగ్గరో ఉంటే ఆయన విశాఖలోనో ఇక్కడ విజయనగరంలోనో కూర్చుంటారు. ఆయన చేతిలో ఐదారు సైట్లుంటాయి. మీ సైట్ గురించి ఆయనకి తెలిసేది చాలావరకు మీరు శనివారం పంపే రిపోర్టు ద్వారానే. అలాంటి రిపోర్టులు చదివే కుర్చీలో చాలాకాలంగా కూర్చున్నవాణ్ణి కాబట్టి, చదివేవాడి వైపు నుంచి మాట్లాడతాను. అన్ని రకాల రిపోర్టుల గురించీ చెప్పను. ఒకే ఒక్క వారం రిపోర్టు తీసుకుని దాన్ని విప్పి చూద్దాం.

చీపురుపల్లి వైపు ఒక ఊళ్లో 60,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు కడుతున్నారు. ఆరు స్తంభాలు, వాటిని కలుపుతూ మూడు లెవెళ్లలో బ్రేసింగ్, పైన రింగ్ బీము, ఆ పైన ట్యాంకు. ఊళ్లోకి 1,200 మీటర్ల పైపులైను కూడా అదే కాంట్రాక్టులో ఉంది. సెప్టెంబరు 20, శనివారం. అక్కడి కుర్ర ఇంజినీరు రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో ఇలా పంపాడు:

"గుడ్ ఈవెనింగ్ సార్. ఈ వారం సైట్‌లో పని బాగానే సాగింది. సోమవారం రెండో బ్రేసింగ్ సెంట్రింగ్, స్టీలు పూర్తి చేశాం. మంగళవారం వాన వల్ల కాంక్రీటు వెయ్యలేకపోయాం. బుధవారం కాంక్రీటు వేశాం, క్యూబులు తీశాం. గురువారం నుంచి క్యూరింగ్ జరుగుతోంది. పైపులైను ఈ వారం 300 మీటర్లు అయింది. రోడ్డు క్రాసింగ్ పర్మిషన్ ఇంకా రాలేదు, ఫాలో అప్ చేస్తున్నాం. స్టీలు కూడా తక్కువగా ఉంది సార్, సప్లయర్ బిల్లు గురించి అడుగుతున్నారు. వచ్చే వారం మూడో లెవెల్ స్తంభాల పని మొదలుపెడతాం. మొత్తం మీద 70 శాతం పూర్తయింది. తగు చర్య నిమిత్తం తెలియజేస్తున్నాను."

కింద పద్నాలుగు ఫొటోలు.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ అబ్బాయి కష్టపడే మనిషి, వారమంతా సైట్‌లోనే ఉన్నాడు. కానీ మేనేజరు స్థానంలో ఉండి చదవండి. ఫోన్ స్క్రీన్ మీద ముందు కనబడేది "ఈ వారం పని బాగానే సాగింది". అక్కడే మనసు కుదుటపడుతుంది. ఆ తర్వాత సోమవారం, మంగళవారం, బుధవారం అంటూ వరసగా చదువుతుంటే కన్ను జారిపోతుంది. చివర్లో 70 శాతం. బాగుంది అనుకుని, బొటనవేలు గుర్తు పెట్టి, పక్క సైట్ రిపోర్టు తెరుస్తారు.

నిజానికి ఆ శనివారం నాటికి సైట్‌లో పరిస్థితి ఇదీ. 16 ఎంఎం స్టీలు గురువారం అయిపోయింది. సప్లయర్ పాత బిల్లు హెడ్డాఫీసులో ఉంది, అది క్లియర్ అయ్యేదాకా లారీ పంపనన్నాడు. స్టీలు లేకపోతే మూడో లెవెల్ స్తంభాలకి రాడ్డు కట్టలేరు, రాడ్డు కట్టకపోతే సెంట్రింగ్ వాళ్లకి పనిలేదు. సెంట్రింగ్ మేస్త్రి ఆ అబ్బాయితో శనివారం పొద్దున్నే చెప్పేశాడు: "ఇనుము లేదని కూకోబెడితే మా కుర్రోళ్లకి కూలెవరిస్తారు బాబూ? బుధవారం దాకా సూస్తాను. రాకపోతే ఇంకో సైట్‌కి తీసికెళ్లిపోతాను." ఆ ఏడాది దసరా అక్టోబరు 2. ఆ వెనక మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. మన జిల్లాలో ఆ రోజుల్లో కూలీలు సైట్ ముఖం చూడరని ఇక్కడున్న వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అంటే ఆ ముఠా బుధవారం వెళ్లిపోతే మళ్లీ వచ్చేది సిరిమాను అయ్యాకే. రెండు రోజుల స్టీలు ఆలస్యం కాస్తా రెండు వారాల ఆలస్యం అవుతుంది.

ఇప్పుడు మళ్లీ ఆ రిపోర్టు చూడండి. ఇంత పెద్ద సంగతి "స్టీలు కూడా తక్కువగా ఉంది సార్" అనే మాటలో దాక్కుంది. ఆ "కూడా" దాన్ని ఇంకా చిన్నది చేసింది. వచ్చే వారం మూడో లెవెల్ పని మొదలుపెడతాం అని కింద రాసేసరికి, మేనేజరుకి స్టీలు గురించి ఏర్పాటు అయిపోయిందనే అర్థమైంది.

ఇలా ఎందుకు రాస్తారో నాకు తెలుసు. పని చేసినవాడికి వారం జరిగిన వరసలోనే గుర్తొస్తుంది, అలాగే రాస్తాడు. సైట్ డైరీకి ఆ వరస సరైనదే. ఏ రోజు ఎంతమంది వచ్చారు, ఎన్ని బస్తాల సిమెంటు వాడాం, వాన ఎప్పుడు పడింది అన్నవి రోజువారీ రిజిస్టరులో ఉండాల్సిందే, రేపు బిల్లు దగ్గర తగాదా వస్తే అదే సాక్ష్యం. కానీ వారం రిపోర్టు చదివేవాడు ఏ రోజు ఏం జరిగిందని వెతకడం లేదు. ఆయనకి మూడు ప్రశ్నలుంటాయి. నేనేమైనా చెయ్యాలా? ఏదైనా ఆగిందా? అనుకున్న తేదీకి అవుతుందా? ఈ మూడింటికీ జవాబు పైన కనబడాలి, అదీ ఈ వరసలోనే. మనం రాసేటప్పుడు సరిగ్గా తలకిందులుగా రాస్తాం. చేసిన పని ముందు, ఆగిన పని మధ్యలో, అడగాల్సింది చివర, అదీ మొహమాటంగా.

అదే శనివారం, అదే సమాచారంతో, ఇలా రాయొచ్చు:

"చీపురుపల్లి ట్యాంకు, సెప్టెంబరు 20: పసుపు, 3 రోజులు వెనక, మీ నుంచి 2 పనులు

మీ నుంచి కావలసినవి
7. సోమవారం 22 సాయంత్రం లోగా: స్టీలు సప్లయర్ పాత బిల్లు. అది విడుదలైతే బుధవారం లారీ వస్తుంది, దసరాలోగా మూడో బ్రేసింగ్ కాంక్రీటు అవుతుంది. కాకపోతే సెంట్రింగ్ ముఠా బుధవారం వెళ్లిపోతుంది, మళ్లీ సిరిమాను తర్వాతే.
8. గురువారం 25 లోగా: రోడ్డు క్రాసింగ్ దరఖాస్తు మీద మీ సంతకం. కాగితం సోమవారం మీ ఆఫీసుకి పంపుతున్నాను.

ఆగినవి
మూడో లెవెల్ స్తంభాలు: 16 ఎంఎం స్టీలు లేదు, 18 నుంచి.
రోడ్డు క్రాసింగ్: దరఖాస్తు ఇచ్చింది 1న. 17న ఆఫీసుకి వెళ్లాను, కంపెనీ తరఫు సంతకం లేదని వెనక్కిచ్చారు.

పని
బ్రేసింగ్ 3లో 2 అయ్యాయి. రింగ్ బీము, ట్యాంకు మొదలుకాలేదు.
పైపులైను 1,200 మీటర్లలో 900.
ఈ వారం అనుకున్నది: రెండో బ్రేసింగ్ కాంక్రీటు, మూడో లెవెల్ రాడ్డు. అయింది: కాంక్రీటు మాత్రమే, అదీ వాన వల్ల ఒకరోజు ఆలస్యంగా."

ఇందులో కొన్ని సంగతులు నిదానంగా చూద్దాం. ముందు అడగడం దగ్గర ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా జారిపోయేది అక్కడే.

పైవాడికి తేదీ పెట్టి పని చెప్పడం మనకి అలవాటు లేదు. "సోమవారం లోగా మీరు బిల్లు విడుదల చెయ్యాలి" అని రాయడానికి చెయ్యి రాదు, అది ఆర్డర్ వేసినట్టుంటుందని భయం. అందుకని "తగు చర్య నిమిత్తం" అని రాసి ఊరుకుంటాం. ఏ చర్య, ఎవరు, ఎప్పటిలోగా అన్నది చదివేవాడు ఊహించుకోవాలి. ఆయన ఊహించుకోరు. దీనికి తేలికైన మార్గం ఉంది. ఆజ్ఞలాగా కాకుండా, 'అయితే', 'కాకపోతే' అని రాయండి. "సోమవారం విడుదలైతే బుధవారం లారీ వస్తుంది. కాకపోతే ముఠా వెళ్లిపోతుంది." ఇందులో మీరు ఎవరినీ ఆజ్ఞాపించలేదు, మర్యాద ఎక్కడా తగ్గలేదు, కానీ తేదీ ఉంది, పని ఉంది, చెయ్యకపోతే ఏమవుతుందో ఉంది. మేనేజరు ఆ రెండు వాక్యాలు కాపీ చేసి అకౌంట్స్ వాళ్లకి పంపితే చాలు, వాళ్లకీ అర్థమవుతుంది. మంచి రిక్వెస్టుకి నేను పెట్టుకున్న పరీక్ష అదే: దాన్ని చదివినవాడు మళ్లీ మీకు ఫోన్ చెయ్యకుండా ఇంకొకరికి యథాతథంగా పంపగలగాలి.

రెండు పనులు అడిగాం కదా, ఏది ముందు? రోడ్డు క్రాసింగ్ సెప్టెంబరు 1 నుంచి నలుగుతోంది, పాతది. స్టీలు నిన్నమొన్నటిది. చాలామంది పాతదాన్ని ముందు పెడతారు. కానీ పైపు వాళ్లకి ఇంకా 300 మీటర్ల పని మిగిలి ఉంది, ఒక వారం దాకా ఖాళీగా ఉండరు. స్టీలుకి బుధవారమే గడువు. అందుకని స్టీలు ముందు. ఎప్పటినుంచి ఆగిందన్నది కాదు, ఎప్పటికల్లా నష్టం మొదలవుతుందన్నది చూసి వరస పెట్టాలి. వారానికి రెండు మూడుకి మించి అడగకండి. ఎనిమిది అడిగితే మేనేజరు తనకి తేలికైనవి రెండు చేసిపెడతారు, మీకు ముఖ్యమైనది మిగిలిపోతుంది.

ఆ పక్కన 7, 8 అని నంబర్లున్నాయి, గమనించారా? అవి ఆ వారం నంబర్లు కావు. పని మొదలైన దగ్గర్నుంచి ఆ సైట్ అడిగిన ఏడోది, ఎనిమిదోది. వచ్చే వారం స్టీలు బిల్లు ఇంకా రాకపోతే అది మళ్లీ 7గానే ఉంటుంది. అప్పుడు ఫోన్‌లో "సార్, 7వది ఏమైంది" అంటే చాలు. నంబరు లేకపోతే ప్రతి వారం అదే సంగతి కొత్త మాటల్లో వస్తుంది, చదివేవాడికి కొత్త సమస్యలా కనబడుతుంది. పని అయిపోయాక ఒక్క వారం "7: అందింది, 22న" అని రాసి తీసేయండి. సహాయం చేసినవాడికి అది చేరిందని తెలియాలి, తర్వాతిసారి చెయ్యి త్వరగా కదులుతుంది.

ఇక ఆగినవి. అడగడానికీ ఆగడానికీ తేడా ఏమిటని మీకు అనిపించొచ్చు. మేనేజరు చేతిలో ఉన్నది రిక్వెస్టు. పని దేనివల్ల ఆగిందో అది బ్లాకర్. కొన్ని బ్లాకర్లకి మేనేజరు చెయ్యగలిగింది ఏమీ ఉండదు, మీరే తేల్చుకుంటారు, ఆయనకి తెలిస్తే చాలు. వాటిని అడిగే చోట కలపకండి. ప్రతి బ్లాకర్ పక్కనా "ఎప్పటి నుంచి" అన్న తేదీ ఉండి తీరాలి. "పర్మిషన్ ఇంకా రాలేదు" అన్న మాట మొదటి వారమూ అలాగే ఉంటుంది, ఆరో వారమూ అలాగే ఉంటుంది. "1 నుంచి" అని ఉంటే రోజులు ఆయనే లెక్కపెట్టుకుంటారు.

"ఫాలో అప్ చేస్తున్నాం" అనే మాట నా కంట పడితే నేను సైట్‌కి ఫోన్ చేసేవాణ్ణి. ఎందుకంటే ఆ మాట వెనక ఏమున్నా ఉండొచ్చు. రోజూ ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఉండొచ్చు, లేదా రెండు వారాలుగా ఎవరినీ కలవకపోయి ఉండొచ్చు. మన కేసులో అడిగి చూస్తే అసలు సంగతి బయటపడింది: దరఖాస్తు మీద కంపెనీ తరఫు సంతకం లేదని 17నే వెనక్కిచ్చారు. అంటే ఆగింది అవతలి ఆఫీసులో కాదు, మన దగ్గరే. ఆ అబ్బాయికి అది తెలుసు, కానీ ఫాలో అప్ అనే మాటలో కలిసిపోయింది. దాని బదులు మూడు సంగతులు రాయండి: చివరిసారి ఎప్పుడు కలిశారు, వాళ్లు ఏమన్నారు, తర్వాత మీరు చేసేదేమిటి. ఆ మూడూ రాయబోతే సగంసార్లు ఏం అడగాలో మీకే తడుతుంది.

ఇక్కడ ఇంకో మాట. సిరిమానుకి కూలీలు రారన్నది బ్లాకర్ కాదు. అది మనకి ముందే తెలుసు. అక్టోబరులో తుఫాను భయం ఉంటుందని శ్రీకాకుళం వైపు వాళ్లకి తిత్లీ తర్వాత వేరే చెప్పక్కర్లేదు. ముందే తెలిసినవి ప్లాన్‌లో ఉండాలి. సిరిమాను వారంలో "కూలీల కొరత వల్ల పని ఆగింది" అని రాస్తే, చదివేవాడికి మీ ప్లాన్ మీదే అనుమానం వస్తుంది.

శాతాల సంగతి. 70 శాతం అని ఆ అబ్బాయి ఎలా వేశాడని అడిగితే, పునాది అయింది, స్తంభాలు చాలావరకు అయ్యాయి, పైపులైను ముప్పావు వంతు అయింది కాబట్టి అన్నాడు. కానీ నీళ్లు నిలిచే ట్యాంకు ఇంకా మొదలే కాలేదు. ఫ్లోరు, గోడలు, పైకప్పు, ఆ తర్వాత నీళ్లు నింపి లీకేజీ టెస్టు, అన్నీ ముందున్నాయి. శాతం అనేది కళ్లతో చూసి వేసే అంచనా, వారం వారం ఐదేసి పెరుగుతూ 90 దగ్గరికి వచ్చి అక్కడ నెలల తరబడి నిలబడిపోతుంది. దాని బదులు లెక్కపెట్టగలిగినవి రాయండి. బ్రేసింగ్ 3లో 2, పైపు 1,200లో 900. పూర్తయితేనే లెక్కలోకి, సగమైతే లేదు. రాడ్డు కట్టిన బ్రేసింగ్ బ్రేసింగ్ కాదు, కాంక్రీటు పడితేనే ఒకటి. అప్పుడు చదివేవాడు తనకు తానే తెలుసుకుంటాడు, మీరు ఒప్పించాల్సిన పని లేదు.

ఆ కిందే అనుకున్నదీ అయిందీ పక్కపక్కన పెట్టాం. గత శనివారం "వచ్చే వారం చేస్తాం" అని రాసింది తీసి ఇక్కడ యథాతథంగా పెట్టాలి, కొత్తగా సర్దకూడదు. రాసేవాడికి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కానీ మూడు నాలుగు వారాలు ఇలా పెడితే మీ అంచనాలు ఎక్కడ తప్పుతున్నాయో కనబడుతుంది. ఎప్పుడూ స్టీలు దగ్గరే తప్పుతుంటే, ఆర్డరు ఒక వారం ముందు పెట్టాలని తేలుతుంది.

మొదటి వరుసలో "పసుపు" అని ఉంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అందరూ వాడతారు, కానీ ఒక్కొక్కరు ఒక్కోలా వాడతారు. కొందరికి పసుపు అంటే కాస్త టెన్షన్‌గా ఉంది అని. అలా మనసుని బట్టి పెట్టకండి, ముగింపు తేదీని బట్టి పెట్టండి. తేదీ మారకపోతే ఆకుపచ్చ. ఇప్పుడు వెనకబడ్డాం, కానీ అడిగింది అందితే తేదీ నిలుస్తుంది అంటే పసుపు. తేదీ ఇప్పటికే మారిపోయింది, లేదా మన చేతిలో లేదు అంటే ఎరుపు. మన కేసు సెప్టెంబరు 20న పసుపు. సోమవారం దాటితే ఎరుపు. చాలామంది పసుపు పెట్టడానికి భయపడి ఆకుపచ్చ నుంచి ఒక్కసారిగా ఎరుపుకి దూకుతారు. మేనేజరుకి కోపం వచ్చేది అక్కడ. పసుపులో ఉండగా చెప్తే ఆయన చెయ్యగలిగింది ఏదో ఉంటుంది.

ఎప్పుడు పంపాలన్నది చిన్న విషయమే కానీ చెప్తాను. శనివారం రాత్రి తొమ్మిదింటికి కాదు, మధ్యాహ్నం మూడు, నాలుగింటి మధ్య పంపండి. ఆఫీసులో ఇంకా మనుషులుంటారు, అకౌంట్స్ వాళ్లతో ఆయన ఆ రోజే ఒక మాట మాట్లాడొచ్చు. ఫొటోలు రెండు చాలు, ఒక్కోదాని కింద ఏమిటో రాయండి. ఆగిపోయిన చోటు ఫొటో ముందు పెట్టండి. అంతకంటే ముఖ్యం, గురువారం స్టీలు అయిపోతే శనివారం దాకా ఆగకూడదు. గురువారమే ఫోన్ చెయ్యాలి. శనివారం రిపోర్టులో అది రికార్డుగా వస్తుంది. ఆయన మొదటిసారి రిపోర్టులోనే తెలుసుకుంటున్నారంటే రిపోర్టు బాగున్నా పని చెడినట్టే.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక సూపర్‌వైజరు: "సార్, మా మేనేజరు గారికి రోజువారీగా అన్నీ రాసిన పెద్ద రిపోర్టే కావాలి. చిన్నది పంపితే పని చెయ్యలేదంటారు.")

పెద్దదే పంపండి బాబూ, మానొద్దు. ఆ రోజువారీది యథాతథంగా కింద ఉంచి, పైన ఈ ఐదు వరుసలు చేర్చండి: సైట్ పేరూ తేదీ, రంగు, ఎన్ని రోజులు వెనక, మీ నుంచి కావలసినవి, ఆగినవి. ఆయన చదవాలనుకుంటే కింద అంతా ఉంది.

(ఒక యువ ఇంజినీరు: "అడిగినా జవాబు రాకపోతే, సార్? రెండు వారాలుగా రాస్తున్నాను, చదివారో లేదో తెలీదు.")

రెండు రిపోర్టుల్లో అదే నంబరు జవాబు లేకుండా వచ్చిందంటే, మూడోసారి రాయకండి. ఫోన్ చెయ్యండి, వీలైతే వెళ్లి కలవండి. ఆ నంబరు చెప్పి, "ఇది మీ దగ్గర తేలుతుందా సార్, లేక నేను వేరేవాళ్లని అడగాలా?" అనండి. చాలాసార్లు అది ఆయన చేతిలో ఉండదు, ఎవరి చేతిలో ఉందో చెప్తారు. ఆ పేరు వచ్చే శనివారం అదే నంబరు పక్కన రాయండి: "7: మీ ద్వారా అకౌంట్స్‌కి, 27న మాట్లాడాం." అప్పటికీ కదలకపోతే, తేదీ ఎంత జరిగిందో లెక్కేసి మొదటి వరుసలో ఎరుపు పెట్టండి.